తలకిందులు చేసినా తేడా రాని కొండలు

కంప్యూటర్‌లో లెక్క కట్టి పుట్టించిన కొండలు నమ్మదగ్గవో కావో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ప్రతి చోటా ఎత్తుకి ముందు మైనస్ గుర్తు పెట్టి, మొత్తం నేలని తలకిందులు చేసి చూడాలి. శిఖరాలు గుంటలవుతాయి, గుంటలు శిఖరాలవుతాయి. ఏది అసలుదో, ఏది తిరగేసిందో అప్పుడు కూడా చెప్పలేకపోతే, ఆ నేల మీద ఎప్పుడూ వాన పడలేదని అర్థం.

నిజమైన నేలతో ఈ ఆట సాగదు. 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల సమాచారం ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. అందులోంచి నల్లమల ముక్క ఒకటి తీసుకుని తిరగేస్తే, చూడగానే ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. మామూలుగా చూస్తే చిన్న లోయ పెద్ద లోయలో, పెద్ద లోయ ఏటిలో కలుస్తూ చెట్టు కొమ్మల్లాగా అల్లుకుని ఉంటాయి. తిరగేస్తే ఆ కొమ్మలన్నీ గట్లుగా పైకి లేస్తాయి, వాటి మధ్య ఎటూ దారిలేని గుంటలు వందలుగా తేలతాయి. అలాంటి నేల మనం ఎక్కడా చూడలేదు. నిజమైన నేల మీద శిఖరాలకి లెక్కలేదు గానీ, నీళ్లు బయటికి పోలేని గుంటలు అరుదు. మంచు తొలిచిన చోట్లు, సున్నపురాయి కరిగిపోయే చోట్లు, ఎడారులు వేరే సంగతి. మిగతా చోట్ల నీళ్లు గుంటని నింపేస్తాయి, లేకపోతే గట్టు కోసుకుని బయటపడతాయి.

ఈ పరీక్ష నాకెందుకు అవసరమైందో చెప్పాలి. ముగ్గురం కలిసి ఒక చిన్న గేమ్ చేస్తున్నాం. కోడ్ నాది, బొమ్మలు ఒకరివి, కథా శబ్దాలూ ఇంకొకరివి. ఆట చాలా సాదా. దక్కన్ పీఠభూమి లాంటి నేల మీద, ఎవరూ లేని చోట, చీకటి పడబోతుండగా మొదలవుతుంది. చేతిలో మ్యాప్ ఉండదు, తెర మీద బాణం గుర్తు ఉండదు. ఆడేవాళ్లు ఊరు చేరాలి. వాళ్లకి మేమిచ్చే మాట ఒక్కటే: నీళ్ల వెంట కిందికి నడిస్తే మనుషులు దొరుకుతారు. ఈ మాట నిలవాలంటే నేల అబద్ధమాడకూడదు. ఎక్కడ నిలబెట్టినా పల్లం వెంట పోతే వాగు తగలాలి, వాగు వెంట పోతే చెరువు, చెరువు కింద ఊరు ఉండాలి.

మ్యాప్ కొలతలు ముందే అనుకున్నాం. అడ్డంగా 512, నిలువుగా 512 గడులు, ఒక్కో గడి 4 మీటర్లు. అంటే రెండు కిలోమీటర్ల చిల్లర పొడవున్న చదరం. ప్రతి గడిలో ఒక్కటే సంఖ్య, ఆ చోటి ఎత్తు. దీన్నే హైట్‌మ్యాప్ అంటారు. ఇక ఆ రెండున్నర లక్షల పైచిలుకు గడుల్లో ఏ సంఖ్యలు రాయాలన్నదే ప్రశ్న.

అందరూ మొదలుపెట్టే చోటు నాయిస్. ‘ట్రాన్’ సినిమాకి పనిచేసిన కెన్ పెర్లిన్, కంప్యూటర్ బొమ్మలన్నీ మరీ నున్నగా, యంత్రంలా కనిపిస్తున్నాయన్న చిరాకులోంచి 1983లో దీన్ని తయారు చేశాడు. తర్వాత దీనికే అకాడమీ వాళ్ల సాంకేతిక పురస్కారం కూడా వచ్చింది. ఆలోచన తేలికైనది. గళ్ల కాగితం ఒకటి ఊహించుకోండి. ప్రతి గడి మూలలో, ఏదో ఒక దిక్కుకి చూసే బాణం. మూల దగ్గర ఎత్తు సున్నా. అక్కణ్ణుంచి బాణం చూపే వైపు నేల ఎక్కుతుంది, వెనక వైపు దిగుతుంది. నాలుగు మూలలూ చెప్పే ఎత్తుల్ని మధ్యలో నునుపుగా కలిపేస్తే, కుదుపుల్లేకుండా మెల్లగా లేచిపడే నేల వస్తుంది. దుప్పటి కింద పిల్లలు దాక్కున్నట్టుంటుంది. కొండలా మాత్రం ఉండదు.

కొండ కావాలంటే పొరలు పేర్చాలి. మా మ్యాప్‌లో మొదటి పొర గళ్లు 1024 మీటర్లవి, దాని బలం 100 మీటర్లు. రెండో పొరకి గడి సగం, బలం సగం. మూడో దానికి మళ్లీ అందులో సగం. ఇలా ఆరు పొరలు.

```
height = 0
amp, freq = 100, 1.0 / 1024
for i in range(6):
    height += amp * noise(x*freq + ox[i], y*freq + oy[i])
    amp *= 0.5
    freq *= 2
```

మొదటి పొర కొండల్ని, లోయల్ని నిలబెడుతుంది. నడిమి పొరలు వాటి భుజాల్నీ మెట్టల్నీ తెస్తాయి. చివరి పొర గళ్లు 32 మీటర్లు, అంటే మా గడులు ఎనిమిది. ఇంకో రెండు మూడు పొరలు వేస్తే గళ్ల పరిమాణం మా గడి దాకా దిగిపోతుంది. అప్పుడు వచ్చేది నేల కాదు, గరుకు కాగితం. అందుకే ఆరు దగ్గర ఆపాం. కోడ్‌లో `ox`, `oy` అని కనిపించేవి ప్రతి పొరనీ కాస్త పక్కకి జరిపే అంకెలు. అవి లేకపోతే, గళ్లు ప్రతిసారీ సరిగ్గా సగమవుతాయి కాబట్టి మొదటి పొర మూలలు అన్ని పొరలకీ మూలలే అవుతాయి. మూలలో ఎత్తు సున్నా అనుకున్నాం కదా, ఆరు సున్నాలు ఒకే చోట పడి, ప్రతి 1024 మీటర్లకీ ఎత్తు కచ్చితంగా ఒకటే అయి కూర్చుంటుంది.

ఫలితం చూడ్డానికి బావుంటుంది. ఎండ పడేటట్టు చేసి, కాస్త పొగమంచు వేస్తే ఇంకా బావుంటుంది. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ నాన్నకి చూపించాను. ఆయన వరంగల్ దగ్గర ఊళ్లో పెరిగిన మనిషి, జీవితంలో ఒక్క గేమ్ ఆడలేదు. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“గుట్టలు మంచిగున్నయ్. వాన పడితే నీళ్లెటు పోతయ్ బిడ్డా?”

“కిందికే కదా నాన్నా.”

“కిందికంటే యాడికి? గీడ పల్లం, గాడ పల్లం. పల్లాలకి ఒకదానికొకటి పొత్తే లేదు. చెరువు కట్ట యాడ పోస్తరు?”

నాయిస్ గురించి నేను చదివిన సాంకేతిక వ్యాసాల సారాంశం ఆ రెండు మాటల్లో ఉంది. పల్లాలకి పొత్తు లేదు. ఎందుకుంటుంది? నాయిస్‌లో ప్రతి గడి ఎత్తూ దానికదే లెక్కవుతుంది. పక్క గడిని అడగదు, పైనుంచి ఏం దిగొస్తోందో తెలియదు. పొరలు నునుపుగా ఉంటాయి కాబట్టి పక్కపక్క గడులు దగ్గర దగ్గర ఎత్తుల్లో ఉంటాయి, అంతే. ఇరుగుపొరుగు తనమే గానీ చుట్టరికం లేదు. గణితం ప్రకారం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ సమాన అవకాశం, కాబట్టి శిఖరాలెన్నో గుంటలూ సుమారుగా అన్నే. తలకిందుల పరీక్షలో దొరికిపోయేది అందుకే. ఎక్కడైనా ఒక బిందువు పెట్టి పల్లం వెంట నడిపిస్తే కాసేపటికే ఏదో గుంటలో ఆగిపోయేది. మా ఆటలో అయితే ఆ బిందువు మనిషి. మేమిచ్చిన మాట నమ్మి నడిచి, చీకట్లో గుంటలో నిలబడ్డ మనిషి.

నీరు పల్లమెరుగు అంటారు. ఆ సామెతని కోడ్‌గా రాస్తే నీటి కోత అవుతుంది. 1989లో మస్‌గ్రేవ్, కోల్బ్, మేస్ అనే ముగ్గురు ఫ్రాక్టల్ కొండల మీద నీళ్లు పారించి కోత పెట్టే పద్ధతి చూపించారు. ఇప్పుడు గేమ్‌లు చేసేవాళ్లలో ఎక్కువమంది వాడేది చినుకుల పద్ధతి. హన్స్ థియోబాల్డ్ బేయర్ 2015లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తన డిగ్రీ కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో దాన్ని చక్కగా విడమరిచాడు. ఒక చినుకుని మ్యాప్ మీద ఎక్కడో ఒకచోట పడేస్తాం. అది ఒక్కో అడుగు పల్లంలోకి వేస్తుంది. దానికి నాలుగు ఆస్తులు: ఎటు పోతోంది, ఎంత వేగం, ఎంత నీరు, మోస్తున్న మట్టి ఎంత. ప్రతి అడుగులోనూ ఒక్కటే ప్రశ్న. ఇప్పుడున్న వేగానికీ వాలుకీ ఇది ఎంత మట్టి మోయగలదు?

```
capacity = drop * speed * water * 2
```

ఒక చినుకు కథ చూద్దాం. లెక్క తేలిక కోసం వేగం, నీరు రెండూ 1 అనుకుందాం, మార్చకుండా ఉంచుదాం. నిటారు వాలు మీద మొదటి అడుగులో అది 0.20 దిగింది. మోయగలిగే మట్టి 0.40. ప్రస్తుతం ఖాళీ చేతులు. ఖాళీ అంతా ఒకేసారి నింపుకోదు, అందులో 0.3 వంతే తీసుకుంటుందని నియమం పెట్టాం, అంటే 0.12. అంతమేర నేల కోసుకుపోయింది. కాసేపటికి వాలు తగ్గి, ఒక అడుగుకి 0.02 మాత్రమే దిగుతోంది. ఇప్పుడు మోయగలిగేది 0.04. చేతిలో 0.12 ఉంది. మిగులు 0.08లో మళ్లీ 0.3 వంతు, అంటే 0.024, అక్కడ దింపేస్తుంది. నిటారులో కోత, వాలు సన్నగిల్లిన చోట మేట. ఈ రెండు కూడికలే మొత్తం విద్య.

ఒక్క చినుకు చేసేది కంటికి ఆనదు. కానీ మొదటి చినుకు వదిలిన గీత వెంట్రుకంత లోతైనా సరే, పక్కన పడే రెండో చినుకుని తనవైపు లాగుతుంది. రెండోది ఆ గీతని ఇంకాస్త లోతు చేస్తుంది, మూడోదాన్ని ఇంకొంచెం దూరం నుంచి లాగుతుంది. మేము రెండు లక్షల చినుకులు పడేశాం. వాలుల మీద సన్నటి గాళ్లు పడ్డాయి. గాళ్ల మధ్య నేల వెన్నెముకలా తేలింది. కొండ పాదాల దగ్గర మట్టి విసనకర్రలా పరుచుకుంది. ఎవరూ గీయలేదు వాటిని. మొదటిసారి ఆ కొండలకి ‘ముందు’, ‘తర్వాత’ అనేవి వచ్చాయి.

ఇందులో చెడిపోయే చోట్లూ ఉన్నాయి. చినుకు తను నిలబడ్డ గడినే కోస్తే, నేల నిండా సూది బెజ్జాలు పడతాయి. అందుకని కోతని చుట్టూ మూడు గడుల మేర పంచుతారు, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. మేట వేసేటప్పుడు మరో తంటా. చినుకు గుంటలోకి దిగి, ఎదురు గట్టు ఎక్కాల్సి వచ్చినప్పుడు తన మట్టంతా అక్కడ కుమ్మరిస్తే గుంట నిండి, పొంగి, కత్తి మొనలా లేస్తుంది. తర్వాతి చినుకు ఆ మొన మీంచి దూకి వేగం పుంజుకుని పక్కన ఇంకా లోతుగా కోస్తుంది. కాబట్టి గుంట లోతు ఎంతో అంతకు మించి మట్టి దింపకూడదని గీత గీయాలి. దూరం నుంచి చూస్తే ఈ జబ్బులు కనిపించవు. ఎండని బాగా వాల్చి, నేల మీద పొడుగు నీడలు పడేటట్టు చేస్తే ఒక్క గడి ముల్లు కూడా బయటపడుతుంది.

ఇంతా చేశాక బొమ్మలు వేసే మిత్రుడు అడిగాడు, “వాగు ఏదిరా?” న్యాయమైన ప్రశ్న. గాళ్లున్నాయి, వాగు లేదు. మా చినుకుకి ఆయుష్షు 30 అడుగులు. అంటే 120 మీటర్ల పైచిలుకు. ఆపైన అది ఆవిరి. పైగా ఏ చినుకుకీ మరో చినుకు ఉందని తెలియదు. నీళ్లు కలిసి పెద్దవవడం ఈ పద్ధతిలో లేదు. గుంటలు కూడా తగ్గాయే గానీ పూర్తిగా పోలేదు. నేలకి ఇప్పుడు ముఖం వచ్చింది, ఇంకా దారి రాలేదు.

దారికి వేరే లెక్క ఉంది. ఎత్తుల పటాలతో పనిచేసే భూగోళ శాస్త్రజ్ఞులు వాడేది. దాన్ని చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మా వైపు గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలం నుంచీ ఉన్న ఏర్పాటు అది. పై చెరువు నిండితే మత్తడి దూకుతుంది, కోస్తా, రాయలసీమల్లో అలుగు పారడం అంటారు. ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందికి. గుంటలో చిక్కుకున్న నీటికి దారి ఎక్కడంటే, గుంట అంచుల్లో అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న చోట. అదే మత్తడి. ప్రతి గుంటకీ ఆ చోటు కనిపెడితే చాలు.

లెక్క మ్యాప్ అంచుల నుంచి లోపలికి నడుస్తుంది. అంచు గడులన్నిటినీ ఒక వరసలో ఉంచి, వాటిలో అన్నిటికన్నా పల్లంగా ఉన్నదాన్ని ముందు తీస్తాం. దాని పక్క గడుల్ని చూస్తాం. పక్కది ఎత్తుగా ఉంటే సరే, దాన్నీ వరసలో చేరుస్తాం. ఇంకా పల్లంగా ఉంటే అది గుంట అన్నమాట; నీటిమట్టం మనం వచ్చిన గడి ఎత్తు దాకా లేచిందనుకుని చేరుస్తాం. మళ్లీ వరసలో అతి పల్లపుది తీస్తాం. ఎప్పుడూ అతి పల్లపుదే ముందు కాబట్టి, ఏ గుంటలోకైనా మొదట ప్రవేశించేది దాని మత్తడి మీదుగానే. ఏ గడి నుంచి ఏ గడికి వచ్చామో రాసుకుంటే, దాన్ని తిరగేసినది నీటి దారి. మొత్తం అయ్యేసరికి మ్యాప్‌లో ప్రతి గడికీ అంచు దాకా దారి ఉంటుంది. ఒక్కటి కూడా మిగలదు.

తర్వాత లెక్కింపు. ప్రతి గడి మీదా ఒక వంతు వాన పడిందనుకుని, పై నుంచి కిందికి వరసగా వస్తూ, ప్రతి గడీ తనదీ తనకు పైనుంచి వచ్చిందీ కలిపి కింది గడికి ఇచ్చేస్తుంది. 2,000 దాటిన చోట వాగు మొదలని మేము గీత పెట్టాం. మా గడి 16 చదరపు మీటర్లు కాబట్టి అది 32,000 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర ఎనిమిది ఎకరాల మీద పడ్డ వాన. నీళ్లు నాలుగింతలైతే వాగు వెడల్పు రెండింతలు. ఒక మీటరు లోపు గుంటల్ని మట్టితో పూడ్చేశాం. అంతకన్నా లోతైనవాటిలో నీళ్లు నిలిపాం. కట్టలు పోయడానికి చోటు కోసం వెతకాల్సిన పని కూడా తగ్గింది. పైన నీళ్లెక్కువ చేరి, లోయ సన్నబడి, కిందనే నేల చదునుగా విచ్చుకునే చోటు ఎక్కడుందో లెక్కే చూపిస్తుంది. అక్కడ కట్ట, కట్ట కింద పొలాలు, పక్కన కాస్త మెరక మీద ఊరు. అలాంటివి మ్యాప్‌లో మూడు దొరికాయి.

దీనికి మేము చెల్లించిన మూల్యం ఒకటుంది. నాయిస్‌లో ప్రతి గడీ ఒంటరిది కావడం లోపమే కాదు, బలం కూడా. పక్కదాన్ని అడగనక్కర్లేదు కాబట్టి, ఆడేవాడు ఎటు నడిస్తే అటు అప్పటికప్పుడు నేల పుట్టించుకుంటూ పోవచ్చు. మైన్‌క్రాఫ్ట్ లోకం అంతూ దరీ లేకుండా సాగేది అందువల్లే. అందులో కోత అనే పేరుతో ఒక కొలత ఉంది గానీ, నీళ్లేమీ పారవు, అదీ ఒక నాయిస్ పొరే. నీళ్లు పారించాలంటే మొత్తం పరీవాహక ప్రాంతం ముందే చేతిలో ఉండాలి. ముక్కలుగా చేసి అతికిస్తే, వాగు ముక్క అంచు దాకా వచ్చి గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. అనంతం కావాలా, వాగు కావాలా అన్నప్పుడు మేము వాగు తీసుకున్నాం. మా లోకం రెండు కిలోమీటర్లే.

నీళ్లతో రానివీ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎటు చూసినా కనిపించే, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రాళ్లు ఈ లెక్కలో పుట్టవు. నేల లోపల గ్రానైట్ పగుళ్ల వెంట ఊరి, మూలలు అరిగి, పై మట్టి కొట్టుకుపోయాక బయటపడ్డవి అవి. అందులోనూ హైట్‌మ్యాప్‌లో ఒక చోటికి ఒకటే ఎత్తు. బండ కింద ఖాళీ, దాని కింద మళ్లీ నేల అంటే దానికి అర్థం కాదు. బొర్రా గుహల్లాంటివి అందులో రాయడానికి చోటే లేదు. గుండ్రాళ్లని మిత్రుడు విడిగా చెక్కి, వాలు తక్కువున్న మెట్టల మీద చేత్తో పెట్టాడు.

పోయిన నెల కాలేజీ స్నేహితురాలు ఒకామె వచ్చి ఆడింది. పక్కన కూర్చుని ఏమీ చెప్పకూడదని మా నియమం. మొదట గుట్టెక్కి చుట్టూ చూసింది, ఏమీ కనపడలేదు. దిగి, ఎండిపోయిన గాడి ఒకటి పట్టుకుని నడిచింది. అది ఇంకో గాడిలో కలిసింది. ఇసుక వెడల్పయింది. రెండు వాగులు కలిసే చోట ఆగి, ఎడమకి చూసి, కుడికి చూసి, “కింద యాడ్నో చెరువుంటది” అనుకుంటూ నడక వేగం పెంచింది. కట్ట ఇంకా అరకిలోమీటరు దూరంలో, తెర మీద ఎక్కడా కనపడకుండా ఉంది.